ముగిసిన మాటకు అర్ధరాత్రి విచారణ

పెళ్ళి ముహూర్తాలు ముగిసిన రెండు మూడు వారాలకు మా దవాఖానాకు ఒక తరహా రోగులు వస్తుంటారు. నిద్ర పట్టడం లేదంటారు. తల వేడెక్కిందంటారు. "హకీం సాబ్, తలకు రాసుకోవడానికి మంచి నూనె ఏదైనా ఇవ్వండి" అని అడుగుతారు. నాడి చూసి, నాలుక చూసి, భోజనం సంగతులు అడిగిన తరువాత "పడుకున్నాక ఏం జరుగుతుంది?" అని అడిగితే కాసేపు తటపటాయించి అసలు విషయం చెబుతారు. ఒక విందులోనో, నిశ్చితార్థంలోనో, సంఘం సమావేశంలోనో ఒక మాట అన్నారు. లేదా అనవలసిన మాట అనలేకపోయారు. ఆ మాట ఆ రోజుతోనే అయిపోయింది. కాని దీపం ఆర్పగానే మనసులో మళ్ళీ మొదలవుతుంది.

ఈ వారం అలాంటి ఒకరి సంగతి చెబుతాను. ఆయన అనుమతితోనే రాస్తున్నాను. పేరు అవసరం లేదు, మనిషిని గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను.

ఆయన వయసు 46. షోలాపూర్‌లో ఒక టవల్ ఫ్యాక్టరీలో లెక్కలు చూస్తారు. తాతల కాలంలో మగ్గం పని కోసం తెలంగాణ నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిన కుటుంబం. ఇంట్లో తెలుగు, వీధిలో మరాఠీ, ఫ్యాక్టరీలో రెండూ కలిసిన మన షోలాపూర్ మాట. చెల్లెలి కూతురికి సిరిసిల్ల సంబంధం కుదిరింది. నిశ్చితార్థం ఇక్కడే ఒక మంగళ కార్యాలయంలో జరిగింది. మేనమామ కదా, రెండు మాటలు చెప్పమని మైకు చేతికిచ్చారు. ఆయన నిండు మనసుతో "ఈ సంబంధం కుదిరినందుకు మాకు చాలా సమాధానం అయింది" అన్నారు.

మరాఠీ తెలిసిన మనకు ఇందులో వింతేమీ కనిపించదు. మరాఠీలో సమాధానం అంటే తృప్తి. సిరిసిల్ల వారికి సమాధానం అంటే ప్రశ్నకు చెప్పే జవాబు. పెళ్ళికొడుకు పెదనాన్న కూర్చున్న చోటు నుంచే "మేము ఏం అడిగినమని సమాధానం చెప్తున్నరు మేనమామా?" అన్నారు. హాలంతా నవ్వింది. ఈయన కూడా నవ్వారు. ఇంకేదో ఒక వాక్యం చెప్పి మైకు ఇచ్చేశారు. జరిగింది ఇంతే.

ఆ రాత్రి పదకొండు గంటలకు పడుకున్నారు. రెండు దాటేవరకు నిద్ర లేదు. ఆ మాట, ఆ నవ్వు, మళ్ళీ ఆ మాట. మరునాడు రాత్రి కూడా అంతే. మూడో రోజుకు కొత్త మాటలు చేరాయి. "తెలుగే సరిగ్గా రానివాడు పెద్దరికం చేయడానికి వచ్చాడని అనుకుని ఉంటారు." వారం తిరిగేసరికి "నా వల్ల చెల్లెలి పరువు పోయింది" అన్న దగ్గరికి వచ్చింది. బంధువుల వాట్సాప్ గ్రూపులో ఎవరో పెట్టిన వీడియోలో ఆ ముక్క ఎక్కడుందో వెతికి పట్టుకుని, రాత్రిళ్ళు దుప్పటి కప్పుకుని చూసేవారు. రోజూ భార్యను "వాళ్ళు ఏమనుకుని ఉంటారంటావు?" అని అడిగేవారు. ఆమె "ఏమీ అనుకోరండీ" అనేది. ఆ మాట ఆయనకు ఒక గంట పనిచేసేది.

నా దగ్గరికి వచ్చేసరికి మూడు వారాలైంది. పెళ్ళికి ఇంకా 24 రోజులుంది. పెళ్ళికూతురిని బుట్టలో కూర్చోబెట్టి మండపానికి తీసుకురావలసింది మేనమామ. ఈయన నడుం నొప్పి సాకు చెప్పి, తమ్ముణ్ణి పంపాలని నిశ్చయించుకున్నారు. ఆయన నూనె అడుగుతుంటే పక్కనే ఉన్న భార్య, "నూనె సంగతి తరువాత చూద్దాం. ముందు ఈయన పెళ్ళికి వచ్చేటట్టు చేయండి" అన్నది. రోగం ఏమిటో ఆమె సరిగ్గానే పట్టుకుంది.

మన యునాని గ్రంథాలకు ఇది కొత్త విషయం కాదు. ఆరోగ్యం నిలవడానికి తప్పనిసరి అయిన ఆరు విషయాలను అస్బాబె సిత్తా జరూరియా అంటారు. గాలి, అన్నపానాలు, శరీరపు కదలిక, దాని విశ్రాంతి, నిద్ర మెలకువలు, విసర్జన ఇవన్నీ అందులో ఉన్నాయి. వాటితో సమానంగా మనసు కదలికకు, మనసు విశ్రాంతికి కూడా ఒక స్థానం ఇచ్చారు. దాన్ని హర్కత్ ఓ సుకూనె నఫ్సానీ అంటారు. కాళ్ళకు విశ్రాంతి ఇచ్చి మనసును పరుగెత్తిస్తే అది విశ్రాంతి కాదని దీని భావం. మంచం మీద పడుకుని మూడు గంటలు ఒకే మాటను తిప్పడం అలాంటిదే.

850 ప్రాంతంలో పుట్టి 934లో మరణించిన అబూ జైద్ అల్ బల్ఖీ అనే పండితుడు శరీర ఆరోగ్యం, మనసు ఆరోగ్యం అని రెండు భాగాలుగా ఒక పుస్తకం రాశారు. మనసు భాగంలో కోపం, దుఃఖం, భయాలతోపాటు వస్వాస్‌ను వేరే వ్యాధిగా చెప్పారు. మనిషి లోపల తనతో తానే ఆడుకునే మాట, వద్దన్నా ఆగని మాట వస్వాస్. ఒంటరితనం, చేతికి పని లేకపోవడం దీన్ని పెంచుతాయని ఆయన రాశారు. ఆయన చెప్పిన ఇంకో ఉపాయం ఉంది. ఒంట్లో బాగున్నప్పుడే ఇంట్లో కొన్ని మందులు సిద్ధంగా పెట్టుకున్నట్టు, మనసు నెమ్మదిగా ఉన్నప్పుడే సరైన ఆలోచనలను సిద్ధం చేసి దాచుకోవాలి, కలత వచ్చినప్పుడు వాటిని బయటికి తీయాలి అన్నారు. నేను ఈయనకు చేయించిన చికిత్సలో సగం ఈ ఒక్క మాట మీదే నడిచింది.

పాత హకీములు ఇలాంటి స్థితికి సౌదా అనే ధాతువు పెరగడమే కారణమన్నారు. అది వారు చూసిన తీరు. ఈనాటి పరీక్షల్లో సౌదాను కొలిచి చూపలేము. కాబట్టి నేను రోగులకు దాన్ని కారణంగా చెప్పను. వారు గమనించిన లక్షణాలు, చెప్పిన పథ్యం మాత్రం ఇప్పటికీ పనికొస్తాయి.

నేను ఆయన్ను ఒక ప్రశ్న అడిగాను. "రాత్రి ఆ సన్నివేశం వచ్చినప్పుడు మీకు ఎవరు కనిపిస్తారు?" ఆయన ఆలోచించకుండానే "నేనే కనిపిస్తాను. చేతిలో మైకు వణుకుతూ ఉంటుంది, ముఖం నల్లబడి ఉంటుంది" అన్నారు. అసలు కిటుకు ఇక్కడే ఉంది. ఆ రోజు వేదిక మీద నిలబడిన మనిషికి తన ముఖం కనిపించదు. ఎదుటివారి ముఖాలు కనిపిస్తాయి. కళ్ళు చూడని బొమ్మ జ్ఞాపకంలోకి ఎలా వచ్చింది? అది జ్ఞాపకం కాదు. ఆ క్షణంలో లోపల కలిగిన సిగ్గును పెట్టుబడిగా పెట్టి మనసు తరువాత గీసుకున్న బొమ్మ. లోపల ఎంత వేడిగా అనిపించిందో, బయట ముఖం అంత ఎర్రగా కనిపించి ఉంటుందని మనసు లెక్క కడుతుంది.

నలుగురిలో బెదురు గురించి ఇంగ్లండ్ మనస్తత్వ శాస్త్రజ్ఞులు డేవిడ్ క్లార్క్, ఏడ్రియన్ వెల్స్ 1995లో ఒక వివరణ ఇచ్చారు. బెదురు ఉన్నవారు నలుగురిలో ఉన్నప్పుడు చూపును తమ మీదకే తిప్పుకుంటారు. అందువల్ల ఎదుటివారు నిజంగా ఏం చేశారన్నది సరిగ్గా చూడరు. ఇంటికి వచ్చాక ఆ సంఘటనకు పంచనామా మొదలుపెడతారు. చూడని భాగాలను తమ భయంతో పూరిస్తారు. ఒక్కసారి తిప్పినకొద్దీ బొమ్మ ఇంకొంచెం నల్లబడుతుంది, ఆ నల్లటి బొమ్మే తరువాతి విందుకు వెళ్ళకపోవడానికి సాక్ష్యమవుతుంది.

దీన్ని ఆపడం ఎందుకు కష్టమంటే, ఆ సమయంలో అది రోగంలా అనిపించదు, పనిలా అనిపిస్తుంది. "తప్పు ఎక్కడ జరిగిందో తెలుసుకుంటున్నాను, మళ్ళీ అలా జరగకుండా చూసుకుంటున్నాను" అనిపిస్తుంది. నిజంగా పనేనా కాదా అని తెలుసుకోవడానికి తేలికైన పరీక్ష ఒకటి ఉంది. పది నిమిషాలు ఆలోచించాక ఇంతకు ముందు తెలియని ఒక్క కొత్త విషయం తెలిసిందా? రేపు చేయవలసిన ఒక్క పని తేలిందా? రెండూ లేకపోతే అది ఆలోచన కాదు, నెమరు. పశువు నెమరు వేస్తే మేత అరుగుతుంది, మనం నెమరు వేస్తే నిద్ర అరుగుతుంది. ఇంకో గుర్తు, మనసు "ఎందుకు" అనే ప్రశ్నలు వేస్తుంటుంది. "నేనెందుకు ఇలా?" "నాకే ఎందుకు?" ఈ ప్రశ్నలకు జవాబు దొరికి లేచి పోయినవారిని నేను చూడలేదు.

ఇక ఆయన అప్పటికే చేసి చూసినవి ఎందుకు పనిచేయలేదో చెప్పాలి. మొదట ఆయన ఆ ఆలోచనను తోసేయడానికి ప్రయత్నించారు. అమెరికా శాస్త్రజ్ఞుడు డేనియల్ వెగ్నర్ 1987లో ప్రచురించిన ప్రయోగంలో కొందరిని తెల్ల ఎలుగుబంటి గురించి ఆలోచించవద్దన్నారు. వద్దన్నందుకే అది మళ్ళీ మళ్ళీ వచ్చింది. వచ్చిందా లేదా అని కాపలా కాయాలంటే, దేనికి కాపలా కాస్తున్నామో గుర్తుంచుకోక తప్పదు కదా. రెండోది భార్యను అడగడం. ఆమె ధైర్యం చెప్పిన ప్రతిసారీ, ధైర్యం చెప్పవలసినంత విషయం అక్కడ ఉందని మనసుకు రూఢి అవుతుంది. మూడోది వీడియో. దాన్ని ఆయన చూసింది నిజం తెలుసుకోవడానికి కాదు, తప్పు వెతకడానికి.

అయితే ఆ వీడియోను ఒక్కసారి సరిగ్గా చూడడం అవసరమనిపించింది. పగటిపూట, దవాఖానాలోనే, ఇద్దరం కూర్చుని చూశాం. చూసేముందు ఆయనతో మూడు జవాబులు రాయించాను. మైకు ఎంత వణుకుతుంది? నవ్వు ఎంతసేపు ఉంటుంది? నవ్వినవారు తరువాత ఏం చేస్తారు? "బాగా వణుకుతుంది, అర నిమిషం నవ్వుతారు, ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు" అని రాశారు. తరువాత, అందులో ఉన్నది ఎవరో తెలియని మనిషి అనుకుని చూడమన్నాను. మైకు వణకలేదు. నవ్వు ఆరు సెకన్లు. ఆ తరువాత ఒక పెద్దావిడ ఎవరినో తాంబూలం పళ్ళెం తెమ్మంటోంది, పిల్లలు వేదిక ముందు పరుగెత్తుతున్నారు. అంతటితో ఆ వీడియోను ఫోనులోంచి తీసేయించాను. రెండోసారి చూస్తే మళ్ళీ వెతుకులాటే అవుతుంది.

వీడియో అందరి దగ్గరా ఉండదు. లేనివారికీ, ఉన్నవారికీ పనికొచ్చేది కాగితం. ఆయన్ను పగలు, పదిహేను నిమిషాల్లో, జరిగింది జరిగినట్టు రాయమన్నాను. నియమం ఒక్కటే, కెమెరాకు కనిపించేది, మైకుకు వినిపించేది మాత్రమే రాయాలి. మొదటిసారి ఆయన రాసినది ఇలా ఉంది: "నేను తప్పు తెలుగు మాట్లాడాను. అందరూ హేళన చేశారు. చెల్లెలు సిగ్గుపడింది." మూడు వాక్యాలనూ కొట్టేయించాను. హేళన కెమెరాకు కనిపించదు, నవ్వు కనిపిస్తుంది. చెల్లెలి సిగ్గు కనిపించదు, ఆమె ఏం చేసిందో కనిపిస్తుంది. రెండోసారి ఇలా రాశారు: "మాకు సమాధానం అయింది అన్నాను. పెదనాన్న గారు ఏం అడిగినమని అన్నారు. జనం నవ్వారు. నేను కూడా నవ్వాను. పెళ్ళికొడుకుది మంచి కుటుంబం అని ఇంకో మాట చెప్పాను. తాంబూలాలు మార్చుకున్నారు." అక్కడ ఆపేశారు. తరువాత ఏమైందని అడిగాను. కలం పట్టుకుని కాసేపు ఆలోచించి, "భోజనాల దగ్గర పెదనాన్న గారు నా పక్కనే కూర్చున్నారు. షోలాపూర్ చద్దర్లు హోల్‌సేల్‌లో ఎక్కడ దొరుకుతాయని అడిగారు" అని రాశారు.

మూడు వారాలపాటు వందసార్లు తిప్పిన రీలులో ఈ చివరి ముక్క ఒక్కసారీ రాలేదు. హేళన చేయదలచినవాడు పక్కన కూర్చుని చద్దర్ల సంగతి అడుగుతాడా అని నేను అనలేదు. ఆయనే అన్నారు. నెమరు వేసే మనసుకు ఇది సాధారణ లక్షణం. కథను నవ్వు దగ్గర కోసేస్తుంది, భోజనం దాకా రానివ్వదు. అందుకే కాగితం మీద రాసేవారు ఇంటికి చేరిన ఘట్టం దాకా రాయాలి.

రాసిన తరువాత ఒక్క ప్రశ్న మిగులుతుంది. ఎవరికైనా నిజంగా నొప్పి తగిలిందా? ఈయన విషయంలో లేదు. కొన్నిసార్లు ఉంటుంది. పిల్లలు లేని దంపతులను నలుగురిలో ఆ సంగతి అడిగేసిన ఒకావిడ నా దగ్గరికి వచ్చింది. ఆమె నెమరులో న్యాయం ఉంది. అలాంటప్పుడు మందు ఒక్కటే, ఫోను చేసి "ఆ రోజు అలా అడగకుండా ఉండవలసింది, క్షమించు" అని ఒకసారి చెప్పడం. ఒకసారే. రెండోసారి, మూడోసారి చెప్పే క్షమాపణ ఎదుటివారి కోసం కాదు, మన నిద్ర కోసం. అది వారికి బరువవుతుంది.

ఇక రాత్రి సంగతి. ఆలోచన వస్తుంది, రాక మానదు. రావద్దు అనకుండా, దానికి వేరే వేళ ఇవ్వాలి. ఆయనకు సాయంత్రం ఆరున్నర నుంచి ఆరూ నలభై అయిదు వరకు కేటాయించాం. కుర్చీలో కూర్చుని, ఆ కాగితం ముందు పెట్టుకుని, ఎంత కావాలంటే అంత ఆలోచించవచ్చు. అలారం మోగగానే లేవాలి. మంచం మీద మాత్రం ఆ విచారణ జరగకూడదు. రాత్రి వచ్చినప్పుడు దానికి ఒక పేరు పెట్టి పిలవమన్నాను. ఆయనే "సమాధానం పంచాయితీ" అని పెట్టుకున్నారు. "సమాధానం పంచాయితీ వచ్చింది. రేపు ఆరున్నరకు." అంతకు మించి దానితో మాటల్లేవు, వాదన లేదు. తరువాత చెవిని బయటికి పంపాలి. ఫ్యాను చప్పుడు ఒకటి, దూరంగా నడిచే మగ్గాల చప్పుడు ఒకటి, వీధిలో కుక్క ఒకటి. ఒక్కొక్కదాన్నే కాసేపు విని, తరువాత ఇంకోదానికి మారాలి. ఆలోచన మళ్ళీ వస్తే మళ్ళీ అదే మాట. మొదటి రాత్రి ఆయన ముప్పైసార్లు చెప్పుకున్నారట. అలా జరగడం మామూలే, ఓటమి కాదు.

ఇరవై నిమిషాలైందనిపించినా నిద్ర రాకపోతే లేచి వేరే గదిలో మసక వెలుతురులో కూర్చోవాలి. గడియారం చూడకూడదు, ఫోను ముట్టుకోకూడదు. చేతికి ఆసక్తి లేని పని ఏదైనా ఇవ్వాలి. ఈయన ఇంట్లో టవళ్ళకు కొరత లేదు, మడతలు పెట్టేవారు. రెప్పలు బరువెక్కాకే మంచం ఎక్కాలి. మంచం మీద మేలుకుని విచారించడం అలవాటైతే, మంచమే ఆ విచారణను గుర్తుచేయడం మొదలుపెడుతుంది.

భార్యకు కూడా ఒక పని చెప్పాను. ఆయన అడిగినప్పుడు "ఏమీ అనుకోరు" అనడం మానేసి, "ఆ మాట ఆరున్నరకు" అనాలి. విసుగుతో కాదు, నవ్వుతూ. మొదటి రెండు రోజులు ఆయనకు కోపం వచ్చిందట.

పథ్యం విషయంలో కొద్దిపాటి మార్పులే చేశాను. సాయంత్రం నాలుగు తరువాత చాయ్ మానిపించాను. రాత్రి పదింటికి తినే భోజనాన్ని ఎనిమిదింటికి జరిపించాను. పడుకునే గంట ముందు పాషోయా, అంటే గోరువెచ్చని నీళ్ళలో పిక్కల సగం దాకా కాళ్ళు ఉంచడం, పదిహేను నిమిషాలు. తుడుచుకున్న తరువాత తలకు ఒక చెంచా రోగనె కద్దూ, అంటే గుమ్మడి గింజల నూనె, మెల్లగా మర్దనా. ఆయనకు షుగర్ ఉంది కాబట్టి నీళ్ళ వేడి ముందు భార్య మోచేతితో చూడాలని చెప్పాను. షుగర్ వల్ల పాదాలు మొద్దుబారినవారికి వేడి తెలియక బొబ్బలు లేస్తాయి. ఇలాంటి నిద్రలేమికి ఖమీరా గావ్‌జుబాన్ వంటివి ఇచ్చే ఆచారముంది. కాని ఖమీరాలు పంచదార పాకంతో చేస్తారు, అందుకని ఈయనకు ఇవ్వలేదు. పాఠకులు కూడా ఇది చదివి బజారుకు వెళ్ళి కొనవద్దు. పాషోయా, నూనె శరీరాన్ని సడలించి పడుకోవడానికి సిద్ధం చేస్తాయి. నెమరు అలవాటును అవి ఆపవు. ఆపేది కాగితం, ఆరున్నర. నూనె ఒక్కటే తీసుకుపోయి రాసుకునేవారు నెలకే మళ్ళీ వస్తారు, నూనె మంచిది కాదంటారు.

మొదటి నాలుగు రోజులు ఆరున్నర కూర్చోవడం ఏడు దాటింది. ఆయన అలారం ఆపి ఇంకాస్త ఆలోచించేవారు. అయిదో రోజు భార్య అలారం తన దగ్గర పెట్టుకుంది. తొమ్మిదో రోజున "కూర్చున్నాను గాని ఏం ఆలోచించాలో తోచలేదు, పాలు తేవడానికి వెళ్ళిపోయాను" అని ఫోను చేశారు. పన్నెండో రోజుకు పదకొండున్నరకల్లా నిద్ర పట్టేది. మధ్యలో ఒక రాత్రి, పెళ్ళి పత్రిక ఇంటికి వచ్చిన రోజు, మళ్ళీ రెండు దాకా మేలుకున్నారు.

పెళ్ళికి ముందు ఇంకో తప్పు దారి తెరుచుకుంది. నెమరు వెనక్కి నడవడం మానేసి ముందుకు నడిచింది. పెళ్ళిలో ఎవరు ఏమంటే ఏమనాలో రిహార్సల్ మొదలుపెట్టారు. అద్దం ముందు "సంతోషం", "సంతృప్తి" అని పలికి చూసుకునేవారు. రెండూ ఒకే జబ్బు. ఎక్కువ సాధన చేసినవాడు మాట్లాడేటప్పుడు ఎదుటివారిని వినడు, తన గొంతునే వింటాడు, అందువల్లనే తడబడతాడు. ఒక్క వాక్యం సిద్ధం చేసుకుని, ఒక్కసారి పైకి చెప్పుకుని వదిలేయమన్నాను. అక్కడికి వెళ్ళాక కళ్ళకు ఒక పని ఇచ్చాను. ఎవరితో మాట్లాడినా వారి ముఖంలో, మాటలో ఒక విషయం గమనించాలి, ఇంటికి వచ్చి భార్యకు చెప్పాలి. చూపు బయట ఉంటే, రాత్రి గీసుకునే బొమ్మకు నిజమైన రంగులు దొరుకుతాయి.

మనల్ని ఎంతమంది గమనిస్తారన్న దానికి కూడా ఒక లెక్క ఉంది. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో థామస్ గిలోవిచ్ బృందం కొందరు విద్యార్థులకు, తొడుక్కోవడానికి సిగ్గుపడే బొమ్మ ఉన్న చొక్కా ఇచ్చి తోటివారున్న గదిలోకి పంపింది. 2000లో ఈ ఫలితాలు వచ్చాయి. దాదాపు సగం మంది ఆ బొమ్మ ఎవరిదో గుర్తుపట్టి ఉంటారని తొడుక్కున్నవారు అంచనా వేశారు. నిజానికి గుర్తుపట్టింది నాలుగోవంతు మందే. ఎవరూ చూడలేదని కాదు, మనం అనుకున్నంతమంది చూడలేదని.

ఇంట్లో చేసుకునే ఈ పద్ధతికి హద్దులున్నాయి. ఆరు నెలలకు పైగా నలుగురిలోకి వెళ్ళాలంటేనే భయం, ఉద్యోగం, చదువు, రాకపోకలు మానుకోవలసి రావడం ఉంటే అది ఒక్క సంఘటన నెమరు కాదు. దానికి మానసిక వైద్యులు చేసే ప్రత్యేకమైన చికిత్స ఉంది, బాగా పనిచేస్తుంది. తెల్లవారుజామునే మెలకువ వచ్చి ఏ పని మీదా ఇష్టం లేకపోవడం, తిండి సహించకపోవడం, మద్యం లేనిదే నలుగురిలోకి వెళ్ళలేకపోవడం, చనిపోతే బాగుండునన్న మాట నోట రావడం వీటిలో ఏ ఒక్కటి ఉన్నా నూనెలతో, కాగితాలతో కాలం గడపకూడదు. 2022 అక్టోబరు నుంచి నడుస్తున్న ప్రభుత్వ టెలీ మానస్ సేవకు 14416కు ఫోను చేయవచ్చు. దానికి డబ్బు పడదు, భాష ఎంచుకోవచ్చు. నిద్ర మాత్రలు ఇప్పటికే వాడుతున్నవారు వాటిని తమంతట తాము ఆపకూడదు. ఆ సంగతి ఇచ్చిన డాక్టరుతోనే తేల్చుకోవాలి.

ఆయన పెళ్ళికి వెళ్ళారు. మేనకోడలిని బుట్టలో కూర్చోబెట్టి, తమ్ముడితో కలిసి మండపానికి మోసుకొచ్చారు. నడుం నొప్పి సాకు చెప్పాలనుకున్న మనిషికి మరునాడు నిజంగానే నడుం పట్టుకుందట. అన్నిటికన్నా, నేను వద్దన్న పని ఒకటి చేశారు. భోజనాల దగ్గర పెదనాన్న గారిని "ఆ రోజు నా మాట మీకు గుర్తుందా?" అని అడిగేశారు. ఆయన మరిచిపోయి ఉంటారని నేను అనుకున్నాను. మరిచిపోలేదు. "ఎందుకు గుర్తులేదు! ఇంటికి పోయి అందరికీ చెప్పిన. మరాఠీల సమాధానం అంటే తృప్తి అని మా కోడలు చెప్పింది, దాని పుట్టిల్లు భీవండి. ఇప్పుడు మా ఇంట్ల కూర బాగుంటే సమాధానం అయింది అంటున్నం" అన్నారట.

ఆ రాత్రి కూడా ఒంటిగంట దాకా నిద్ర పట్టలేదని చెప్పారు. ఈసారి తిప్పుకున్నది ఆ కూర మాటనే. మరునాడు ఆరున్నరకు కూర్చోలేదు. పెళ్ళి సామాను తిరిగి అప్పగించే పనిలో మరిచిపోయారు. పోయిన నెల నూనె సీసా కోసం వచ్చినప్పుడు అడిగాను, ఆ కాగితం ఇంకా ఉందా అని. బీరువాలో పెళ్ళి పత్రిక మడతలో ఉందన్నారు.